‘నేను’ను ‘ఆ పిల్ల’గా మార్చినప్పుడు

సెలవులకు ముందు మా తెలుగు మేడం ఒక పని ఇచ్చారు. ఎవరి డైరీలోంచి వాళ్లు ఒక పేజీ తీసుకోవాలి. అందులో ‘నేను’ అని ఉన్నచోటంతా ఇంకెవరి గురించో చెబుతున్నట్టు మార్చి రాయాలి. కానీ డైరీ చదివితే మనసుకు ఎట్లా అనిపిస్తుందో, మార్చిన తర్వాత చదివినా అట్లాగే అనిపించాలి.

వ్యాకరణంలో ‘నేను’ ఉత్తమ పురుష, ‘నువ్వు’ మధ్యమ పురుష, ‘అతడు, ఆమె’ ప్రథమ పురుష. ఉత్తమ పురుషను ప్రథమ పురుషగా మార్చడమంటే ఎనిమిదో తరగతి లెక్క లాంటిదే అనుకున్నాను. మా బూదికోటలో పుట్టిన హైదర్ అలీ గురించి ఎన్నిసార్లు వ్యాసం రాయలేదు? అంతా ప్రథమ పురుషలోనే కదా రాసింది. కానీ హైదర్ అలీ చేసిన పనులకు నేను జవాబు చెప్పుకోవాల్సిన అవసరం లేదు. నా డైరీలోని మనిషి చేసిన పనికి ఉంది. తేడా అక్కడే అని పని మొదలుపెట్టాకే తెలిసింది.

నేను తీసుకున్న పేజీ ఇది. ఉన్నది ఉన్నట్టే ఇస్తున్నాను.

“ఈరోజు బంగారుపేటలో ప్రతిభా కారంజి పోటీలు. పొద్దున తొందరలో టిఫిన్ బాక్సు ఇంట్లోనే మర్చిపోయినాను. మధ్యాన్నం తాత బస్సులో వచ్చి తెచ్చిచ్చినాడు. ఖాకీ చొక్కాకు పైగుండీ లేదు. గేటు దగ్గర నిలబడుకొని దగ్గుతా ఉండినాడు. నాకు సిగ్గేసింది. పోయి బాక్సు తీసుకున్నాను. పక్కనున్న వేరే స్కూలు పిల్ల ‘యారు అవరు?’ అని అడిగింది. నేను ‘నమ్మూరవరు’ అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. తాత వినలేదనుకుంటా. ‘తిను పాపా, చల్లగయిపోతాది’ అని చెప్పి పోయినాడు. నేను తినలేదు. ఇప్పుడు పక్క గదిలో దగ్గుతా ఉండాడు. నాకు నిద్ర రావడం లేదు.”

‘యారు అవరు’ అంటే ‘ఎవరు ఆయన’ అని, ‘నమ్మూరవరు’ అంటే ‘మా ఊరాయన’ అని మా జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కన్నడ రాని బంధువులు ఎవరైనా ఈ పత్రిక చదివితే వాళ్ల కోసం చెప్పాను.

మొదటిసారి పావుగంటలో మార్చేశాను. “ఆ రోజు బంగారుపేటలో పోటీలు. ఆమె టిఫిన్ బాక్సు ఇంట్లోనే మర్చిపోయింది. మధ్యాహ్నం ఆమె తాతగారు బస్సులో వచ్చి ఇచ్చారు. ఆమెకు సిగ్గు వేసింది…” ఇట్లా చివరిదాకా పోయింది. తప్పులు లేవు. మేడం చదివి, “వ్యాకరణం సరిగా ఉంది. మనుషులే మారిపోయారు. ఈ ఆమె ఎవరు? ఈ తాతగారు ఎవరు?” అన్నారు. మార్కులు వేయకుండా తిరిగి ఇచ్చేశారు.

ఇంటికి వచ్చి డైరీ ఒక పక్క, మార్చింది ఒక పక్క పెట్టుకొని ఒక్కొక్క మాటే చూశాను.

ముందు నా సంగతి. ‘నేను’ అన్నప్పుడు ఆడా మగా తెలియదు, గౌరవమూ లేదు, అగౌరవమూ లేదు. ‘పోయినాను’ అని మా అవ్వ అన్నా, మా తమ్ముడు అన్నా ఒకటే మాట. ప్రథమ పురుషలోకి దిగగానే ఆ స్వేచ్ఛ పోతుంది. అది, ఆమె, ఆవిడ, ఆ పిల్ల, ఆ అమ్మాయి – వీటిలో ఒకటి పట్టుకోక తప్పదు. పట్టుకున్న ప్రతి మాటా ఒక తీర్పే. ‘ఆమె’ అంటే పెద్దమనిషి అయిపోయింది. పెద్దమనిషి అట్లా అబద్ధం చెబితే చదివేవాళ్లకు కోపం వస్తుంది. ‘అది’ అంటే నన్ను నేనే తిట్టుకున్నట్టు ఉంది. ‘ఆ చిన్నారి’ అని కూడా ఒకసారి రాసి చూశాను. అప్పుడు చదివేవాళ్లు జాలిపడి వెంటనే క్షమించేస్తారు. డైరీలో కోపమూ లేదు, జాలీ లేదు. జరిగింది ఉంది, అంతే. చివరికి ‘ఆ పిల్ల’ దగ్గర ఆగాను. మా వీధిలో ఎవరైనా నన్ను చూసి మాట్లాడుకుంటే అట్లాగే అంటారు. అందులో తిట్టూ లేదు, ముద్దూ లేదు.

తర్వాత తాత సంగతి. డైరీలో ‘తాత తెచ్చిచ్చినాడు’ అని ఉంది. మా ఇంట్లో తాతను ‘వచ్చినాడు, తిన్నాడు’ అనే అంటాం. అది మర్యాద లేక కాదు, దగ్గరితనం. పత్రికలో పడే కథ కదా, చూసేవాళ్లు ఏమనుకుంటారో అని నేను ‘తాతగారు, ఇచ్చారు’ అని మార్చాను. పుస్తకాల తెలుగు అట్లాగే ఉంటుంది మరి. కానీ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదువుతుంటే ఒక విషయం కనబడి చేతులు చల్లబడ్డాయి. ఆ రోజు గేటు దగ్గర నేను చెప్పిన అబద్ధంలో కూడా గౌరవం ఉంది. ‘నమ్మూరవరు’. ఆ ‘అవరు’ మర్యాద మాటే. తాతకు మర్యాద ఇచ్చి, తాత అన్న మాట తీసేశాను. ఇప్పుడు కాగితం మీద ‘తాతగారు ఇచ్చారు’ అని రాసి మళ్లీ అదే పని చేశాను. రెండుసార్లూ నా భయం ఒకటే – చూసేవాళ్లు ఏమనుకుంటారో అని.

అందుకని ‘గారు’ కొట్టేశాను. ‘వాళ్ల తాత’ అని రాశాను. అవసరమైన చోట ‘ఆయన’ అన్నాను. క్రియ మాత్రం ‘తెచ్చిచ్చినాడు’ అనే ఉంచాను. కథ చెప్పేవాళ్లు దూరంగా నిలబడాలని మేడం చెప్పారు. దూరమంటే గేటుకు నాలుగు అడుగుల అవతల చాలు. విజయవాడ దాకా పోయి నిలబడాల్సిన పని లేదు. మా ఊరి మాటలు పోతే తాత గొంతు కూడా పోతుంది.

మూడోది కాలం. ‘ఈరోజు’ను ‘ఆ పొద్దు’గా, ‘ఇక్కడ’ను ‘అక్కడ’గా మార్చడం అందరికీ తెలిసిందే. చిక్కు వచ్చింది చివరి రెండు వాక్యాల దగ్గర. ‘ఇప్పుడు పక్క గదిలో దగ్గుతా ఉండాడు’ అన్నప్పుడు డైరీ రాసే చెయ్యి, దగ్గు వినే చెవి ఒకే చోట ఉన్నాయి. పేజీలో బరువంతా ఆ ‘ఇప్పుడు’లోనే ఉంది. నేను మొదట ‘ఆ రాత్రి తాతగారు దగ్గుతున్నారు’ అని రాశాను. అది డాక్టరుకు చెప్పినట్టు ఉంది. డైరీ రాయడం కూడా ఆ రాత్రి జరిగిన ఒక సంఘటనే కదా అని తర్వాత తట్టింది. డైరీలో ‘నేను రాస్తా ఉండాను’ అని ఎవరూ రాసుకోరు, తెలిసిందే కాబట్టి. బయటి నుంచి చూసేవాళ్లకు మాత్రం ఒక పిల్ల పుస్తకం ముందు పెట్టుకొని కూర్చోవడం కనబడుతుంది. ఆ ఒక్క వాక్యం చేర్చగానే దగ్గు మళ్లీ పక్క గదిలోకి వచ్చింది.

నాలుగోది ‘నాకు సిగ్గేసింది’. దాన్ని ‘ఆ పిల్లకు సిగ్గేసింది’ అని మార్చితే వ్యాకరణం ఒప్పుకుంటుంది. కానీ గేటు అవతల నిలబడినవాళ్లకు సిగ్గు ఎట్లా కనబడుతుంది? కనబడేది చెయ్యి, ముఖం, నడక. ఆ పొద్దు నేను బాక్సు తీసుకొని వెంటనే చున్నీ కింద పెట్టుకున్నాను. ఇది డైరీలో లేదు. కానీ జరిగింది, బాగా గుర్తుంది. సిగ్గు అన్న మాట తీసేసి చున్నీ పెట్టాను. నా పక్క బెంచీ స్నేహితురాలు చదివి, “తాత కళ్లలో నీళ్లు తిరిగాయని రాయవే, బాగుంటుంది” అంది. బాగుంటుంది, నిజమే. కానీ తాత కళ్లు నేను చూడలేదు. చూడకుండా ఉండడానికే బాక్సు తీసుకొని అటు తిరిగాను. మరిచిపోయినదాన్ని గుర్తు తెచ్చుకొని చేర్చవచ్చు. లేనిదాన్ని చేరిస్తే అది ఇంకొకరి డైరీ అవుతుంది.

‘ఎందుకన్నానో నాకే తెలీదు’ అన్న వాక్యానికి తెలుగులో ఒక మంచి మాట దొరికింది. ‘ఎందుకందో ఆ పిల్లకే తెలీదు’ అంటే ఎవరో పక్కింటివాళ్లు వెక్కిరించినట్టు ఉంది. ‘ఎందుకందో తనకే తెలీదు’ అంటే ఆ పిల్ల లోపలి నుంచి వచ్చినట్టు ఉంది. ‘తాను, తన’ అనే మాటలు చిత్రమైనవి. చూడడానికి ప్రథమ పురుష, కానీ లోపల ‘నేను’ కూర్చుని ఉంటుంది. అట్లాగని ప్రతి వాక్యంలో వాడితే మళ్లీ డైరీలాగే అయిపోతుంది. అందుకని ఒక్కచోటే వాడాను.

ఇక అసలు తప్పు. దీని కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను. డైరీలో ‘తాత వినలేదనుకుంటా’ అని ఉంది. నా మొదటి కాగితంలో అది ‘తాతగారు వినలేదు’ అయింది. కావాలని చేయలేదు. ‘అనుకుంటా’ అనే క్రియ నేను అనే మనిషిది. నేను పోగానే దాన్ని ఎవరికి తగిలించాలో తెలియక అది జారిపోయింది. నాలుగు అక్షరాలు పోయాయి. వాటితోపాటు నా అనుమానం పోయింది. మిగిలింది ఒక గట్టి నిజం – తాత వినలేదు. డైరీలో అది నేను నాకు చెప్పుకున్న ఓదార్పు. కథలోకి వచ్చేసరికి అంతా చూసినవాళ్లు ఇచ్చిన సాక్ష్యం అయిపోయింది. చదివిన ఎవరైనా, “పోనీలే, ముసలాయన వినలేదు కదా” అని ఊపిరి పీల్చుకుంటారు. నేను కూడా పీల్చుకున్నాను. ఆ పేజీలో ఉన్న భారమంతా ‘విన్నాడేమో’ అన్న భయంలోనే ఉంది. అది పోయాక ఇంక ఏం నిలబడుతుంది?

ప్రథమ పురుషలో ఉన్న ప్రమాదం ఇదే అనుకుంటున్నాను. ‘నేను’ అని చెప్పేవాళ్ల మాటను మనం కొంచెం తగ్గించుకొని నమ్ముతాం, వాళ్ల పక్షం వాళ్లు చెప్పుకుంటారని తెలుసు కాబట్టి. ‘ఆ పిల్ల’ అని చెబితే ఎవరి పక్షమూ లేనట్టు ఉంటుంది. మేడం దీనికి రెండు ఉదాహరణలు చెప్పారు. రెండు వేల ఏళ్ల కిందట రోమ్ సేనాని జూలియస్ సీజర్ గాల్ దేశంలో తాను చేసిన యుద్ధాల గురించి రాసుకుంటూ, తనను ‘సీజర్’ అనే పిలుచుకున్నాడు. సీజర్ ఇట్లా చేశాడు, సీజర్ అట్లా గెలిచాడు అని. చదివితే గొప్పలు చెప్పుకున్నట్టు కాదు, చరిత్ర చెప్పినట్టు ఉంటుంది. 1997లో దక్షిణాఫ్రికా రచయిత కూట్సీ ‘బాయ్‌హుడ్’ అనే పుస్తకంలో తన చిన్నతనాన్ని ‘అతడు’ అనే రాశాడు. ఆయన ఆ పిల్లవాడి పిరికితనం, ఇంట్లో అతని పెడసరం ఏదీ దాచలేదట. ఒకే పనిముట్టు. ఒకరి చేతిలో గొప్పను నిజంలా చూపించింది, ఇంకొకరి చేతిలో మనిషిని దాక్కోనివ్వలేదు. నా మొదటి కాగితం సీజర్ దారిలో పోయిందని నాకు అర్థమైంది. ఏ యుద్ధమూ గెలవకుండానే!

సరిచేయడానికి నాకు రెండు దారులు కనబడ్డాయి. ఒకటి, ‘తాత విన్నాడు’ అని రాయడం. అది నన్ను నేను శిక్షించుకోవడం, కానీ అది కూడా నాకు తెలియని సంగతే. రెండోది, అనుమానాన్ని ఆ పిల్లకే అప్పజెప్పడం – ‘వినలేదని ఆ పిల్ల అనుకుంది’. ఇప్పుడు అనుకున్నది ఎవరో తెలుస్తుంది. అంతే కాదు, బయటి నుంచి చూసేవాళ్లకు ఇంకో రెండు సంగతులు కనబడతాయి. తాత ఎంత దూరంలో ఉన్నాడు, ఆయనకు కన్నడ వచ్చా రాదా అన్నవి. తాత చాంపియన్ రీఫ్ గనిలో పనిచేశాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేదాకా తెలుగు, తమిళం, కన్నడ మాట్లాడే అందరితో కలిసి లోపలికి దిగి ఎక్కినవాడు. కన్నడ నాకంటే బాగా మాట్లాడతాడు. డైరీలో ఈ రెండు సంగతులూ రాయలేదు. రాస్తే ‘వినలేదనుకుంటా’ అని ఆ పక్కనే రాయలేకపోయేదాన్ని.

ఐదోసారి రాసింది ఇది.

“ఆ పొద్దు బంగారుపేటలో ప్రతిభా కారంజి పోటీలు. తొందరలో ఆ పిల్ల టిఫిన్ బాక్సు ఇంట్లోనే మర్చిపోయింది. మధ్యాన్నం వాళ్ల తాత బస్సులో వచ్చి తెచ్చిచ్చినాడు. ఖాకీ చొక్కాకు పైగుండీ లేదు. గేటు దగ్గర నిలబడుకొని దగ్గుతా ఉండినాడు. ఆ పిల్ల పోయి బాక్సు తీసుకొని చున్నీ కింద పెట్టుకుంది. పక్కనున్న వేరే స్కూలు పిల్ల ‘యారు అవరు?’ అని అడిగింది. ‘నమ్మూరవరు’ అంది. ఎందుకందో తనకే తెలీదు. తాత నాలుగు అడుగుల దూరంలో ఉండినాడు. ఆయనకు కన్నడ బాగా వచ్చు. వినలేదని ఆ పిల్ల అనుకుంది. ‘తిను పాపా, చల్లగయిపోతాది’ అని చెప్పి ఆయన పోయినాడు. ఆ పిల్ల తినలేదు. రాత్రి పుస్తకం ముందు పెట్టుకొని ఇదంతా రాసింది. పక్క గదిలో తాత దగ్గుతా ఉండాడు. ఆ పిల్లకు నిద్ర రాలేదు.”

వాక్యాలు డైరీలో ఎంత చిన్నవో ఇక్కడా అంతే చిన్నవి. వరుస కూడా మార్చలేదు. ‘పాపం’ అన్న మాట ఒక్కటి కూడా లేదు. మేడం చదివి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “పత్రికకు ఇస్తావా?” అని అడిగారు.

అప్పుడు నాకు ఇంకో ప్రశ్న వచ్చింది. కథగా ఇస్తే చదివినవాళ్లకు ఆ పిల్ల ఎవరో తెలియదు. అంతా నిజమే చెప్పి కూడా నేను తప్పించుకోవచ్చు. ప్రథమ పురుష నాకు చాలా చూపించింది, నేను కాదనను. ‘నేను’ అని రాసినప్పుడు ఆ పేజీ నిండా నేనే ఉన్నాను. తాత నాకు సిగ్గు తెప్పించడానికి వచ్చిన మనిషి, అంతే. ‘ఆ పిల్ల’ అనగానే తాత కూడా ఆ పిల్లతో సమానంగా గేటు దగ్గర నిలబడ్డాడు. ఎండలో బస్సు దిగి, బాక్సు పట్టుకొని. కానీ ఒక పని ప్రథమ పురుష వల్ల కాదు. ‘ఆ పిల్ల తప్పు చేసింది’ అని ఎన్నిసార్లు రాసినా అది వార్తే, క్షమాపణ కాదు. తప్పు ఒప్పుకోవడానికి ఉత్తమ పురుష ఒక్కటే ఉంది. చూసుకోవడానికి ‘ఆ పిల్ల’ కావాలి, ఒప్పుకోవడానికి ‘నేను’ కావాలి. అందుకే కథను ఒక్కదాన్నే ఇవ్వకుండా, దాని చుట్టూ ఈ వ్యాసం రాసి ‘నేను’ అని పెట్టాను.

ఇది పత్రికకు ఇచ్చే ముందు రోజు సాయంత్రం తాత దగ్గర కూర్చుని చదివాను. కథ కాదు, డైరీ పేజీ చదివాను. ‘తాత వినలేదనుకుంటా’ అన్నచోట నా గొంతు ఆగింది. తాత వీధిలోకి చూస్తా ఉన్నాడు. చదవడం అయిపోయాక నేను చెప్పాల్సిన మాట చెప్పాను. అది ఇక్కడ రాయను.

తాత కాసేపు దగ్గి, “ఆ పొద్దు బాక్సు అట్లే వాపసు వస్తే, చిత్రాన్నంలో ఉప్పు ఎక్కువేసినావని మీ అవ్వను తిడితిని పాపా” అన్నాడు.

విన్నాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.